లఘులోలకం ప్రశ్నలో నాకు సగం మార్కులే ఎందుకు వచ్చాయో ఇన్నాళ్లకు అర్థమైంది (డైరీ పుట, మీ అభిప్రాయాలు కావాలి)

డైరీ_పుట రాశారు:

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ భౌతికశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలలో ప్రయోగశాల పరీక్షకు ముందు మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన వేదికలో ఒక క్విజ్ పెడతారు. అందులో లఘులోలకం కొలతల నుంచి గురుత్వ త్వరణం g కనుక్కునే ఒక లెక్కకు నాకు రెండింటిలో ఒక మార్కు వచ్చింది, కారణం తెలియక పది రోజులు సతమతమయ్యాను. నిన్న రాత్రి డైరీలో రాసుకున్నదాన్ని ఉన్నదున్నట్టుగా కింద పెడుతున్నాను. నేను తప్పుగా అర్థం చేసుకున్నది ఏదైనా ఉంటే పెద్దలు దిద్దగలరు.

*"క్విజ్ గడువు ఈరోజు ముగిసింది. ఇంతవరకు ఆ ప్రశ్న దగ్గర `Partially correct` అని, పక్కన `Mark 1.00 out of 2.00` అని మాత్రమే కనిపించేది. జవాబుగా ఇచ్చింది ఒకే ఒక్క అంకె అయినప్పుడు అందులో సగం ఒప్పు, సగం తప్పు ఎలా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ప్రమాణం రాయనందుకు కోసేశారేమో అనుకున్నాను గానీ, ప్రమాణం రాయవద్దని ప్రశ్నలోనే ఉంది.*

*సాయంత్రం మళ్లీ తెరిచి చూస్తే ఆ ప్రశ్న కింద కొత్తగా ఒక వాక్యం ఉంది: 'మధ్యలో సవరించారా? T అంకెలు చూడండి.' సరైన జవాబు 9.77 అని కూడా చూపించింది. నేను ఇచ్చింది 9.72.*

*చిత్తు పుస్తకం తీశాను. లోలకం పొడవు 98.5 సెంటీమీటర్లు, 20 డోలనాలకు పట్టిన కాలం 39.9 సెకన్లు. ఒక డోలనానికి 1.995 సెకన్లు. దాని పక్కనే నా చేతిరాతతో '2.0' అని ఉంది. రికార్డులో ఎప్పుడూ ఒక దశాంశమే రాస్తాను కాబట్టి చెయ్యి దానంతటదే అలా రాసేసింది. ఆ తరువాత g = 4π²L/T² లో T² స్థానంలో నిశ్చింతగా 4 వేశాను. నిజానికి అది 3.980. రెండింటికీ తేడా స్వల్పమేనని అప్పుడు అనిపించి ఉంటుంది. కానీ భాగిస్తే ఒకటి 9.72, రెండోది 9.77.*

*ఇంకొంచెం ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. 1.995 ను 2 చేసినప్పుడు నేను పెంచింది నూటికి పావు వంతు మాత్రమే. T ని వర్గం చేయగానే ఆ పావు కాస్తా అరగా మారింది. 9.77 లో నూటికి అర వంతు అంటే దాదాపు 0.05. నా జవాబు తగ్గింది సరిగ్గా అంతే. సూత్రం తప్పు కాదు, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం తప్పు కాదు, గుణకారం తప్పు కాదు. ఒక్క అంకెను తొందరపడి వదిలేయడం వల్ల పోయిన మార్కు ఇది."*

డైరీలో రాసింది ఇంతవరకే. నా ప్రశ్న ఏమిటంటే, ఈ సగం అనేదాన్ని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

---

మూడో_బెంచి రాశారు:

చెల్లెమ్మా, మీరు కారణాన్ని మరీ లోతుగా వెతుకుతున్నారని నాకు అనిపిస్తోంది. మూడుల్‌లో మొదటి ప్రయత్నంలో తప్పు చెప్పి రెండోసారి సరిచేస్తే కొంత మార్కు కోస్తారు. నాకు గత సెమిస్టరులో అలాగే జరిగింది. మీరు కూడా మొదట ఒకటి టైపు చేసి, `Check` నొక్కి, తరువాత మార్చి ఉంటారు. సగం అక్కడే పోయి ఉంటుంది.

---

పాత_పలక రాశారు:

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మేము సూత్రానికి కొంత, విలువల ప్రతిక్షేపానికి కొంత, తుది జవాబుకు, ప్రమాణానికి కొంత అని విడదీసి మార్కులు వేసేవాళ్లం. తుది అంకె తప్పినా దారి సరిగ్గా ఉన్న పిల్లవాడికి సున్నా వేయడానికి మాకు మనసు ఒప్పేది కాదు, నిబంధన కూడా ఒప్పేది కాదు. అమ్మాయికి వచ్చిన సగం కూడా అలాంటిదే. ఆమె సూత్రం సరిగ్గా వాడింది కాబట్టి దానికి ఒక మార్కు, జవాబు తప్పింది కాబట్టి రెండోది లేదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు.

---

ప్రశ్నల_పెట్టె రాశారు:

నేను ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ మూడుల్‌లో ప్రశ్నలు తయారుచేస్తుంటాను. విద్యార్థిని డైరీలో రాసుకున్న కారణం సరైనదే. అయితే ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ప్రశ్న లోపల ఏముంటుందో చూపించాలి.

పాత_పలక గారికి ముందుగా ఒక మాట. మాస్టారూ, కాగితం మీద మీరు చూసిన సూత్రాన్ని ఈ యంత్రం చూడనే లేదు. దానికి అందింది 9.72 అనే అంకె ఒక్కటే. ఆమె ఏ సూత్రం వాడిందో, అసలు వాడిందో లేదో దానికి తెలిసే దారి లేదు.

సంఖ్యారూప ప్రశ్నలో ఉపాధ్యాయుడు ఒకే సరైన విలువకు ఒకటికి మించి దోషపరిధులు పెట్టవచ్చు. విలువకు బాగా దగ్గరగా వచ్చినవారికి పూర్తి మార్కులు, కొంచెం దూరంగా వచ్చినవారికి సగం, ఆ వెలుపల ఉన్నవారికి సున్నా. మూడుల్‌లోకి ప్రశ్నలను ఎక్కించడానికి వాడే గిఫ్ట్ అనే రాత పద్ధతిలో రాస్తే ఈ ప్రశ్న దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

```
::లోలకం:: లఘులోలకం పొడవు 98.5 cm, 20 డోలనాలకు
పట్టిన కాలం 39.9 s. g విలువ m/s² లలో ఎంత? {#
=9.77:0.02#సరైన విలువ.
=%50%9.77:0.1#మధ్యలో సవరించారా? T అంకెలు చూడండి.
}
```

మొదటి వరుస ప్రకారం 9.75 నుంచి 9.79 వరకు ఏది రాసినా పూర్తి మార్కులు. రెండో వరుస ప్రకారం 9.67 నుంచి 9.87 వరకు సగం. 9.72 మొదటి వలలో పడలేదు, రెండో వలలో పడింది. π విలువను 3.14 గా తీసుకున్నవారికి 9.76 వస్తుంది కాబట్టి వారికి పూర్తి మార్కులు దక్కుతాయి. π² ను 10 అనుకుని లెక్క చేసినవారికి 9.90 వస్తుంది, వారికి ఏమీ రాదు. 0.02, 0.1 అన్న అంకెలు నా ఊహ మాత్రమే. ఆ కళాశాలవారు వేరేవి పెట్టి ఉండవచ్చు, అయినా 9.72 కు సగం రావాలంటే అమరిక ఇలాంటిదే అయి ఉండాలి.

యంత్రం ఈ వరుసలను పైనుంచి కిందికి చూస్తూ, విద్యార్థి జవాబు మొదట ఏ వరుసలో ఇమిడితే ఆ మార్కు వేసి అక్కడితో ఆగిపోతుంది. ఒకసారి నేను పొరపాటున సగం మార్కుల వరుసను పైన పెట్టాను. వెడల్పైన వల ముందుంటే సరైన జవాబు కూడా అందులోనే చిక్కుకుంటుంది. తరగతిలో ఒక్కరికి కూడా పూర్తి మార్కులు రాకపోయేసరికి నాకు అనుమానం వచ్చింది. వరుసలు మార్చి, `Regrade` చేసి, పిల్లలకు క్షమాపణ చెప్పాను. కాబట్టి మీ తరగతిలో కచ్చితమైన 9.77 రాసినవారికి ఎంత వచ్చిందో ఒకసారి కనుక్కోండి. వారికి రెండు వస్తే మీ డైరీలోని కారణం ఖాయం. వారికి కూడా ఒకటే వస్తే తప్పు మీది కాదు.

మూడో_బెంచి గారూ, మీరు చెప్పిన కోత నిజంగానే ఉంది, కానీ ఇక్కడ పనిచేసింది అది కాదు. మార్కు చూస్తే ఏ కోత పడిందో చాలావరకు తెలిసిపోతుంది. ప్రతి తప్పు ప్రయత్నానికి కోత మామూలుగా మూడో వంతు ఉంటుంది కాబట్టి, రెండు మార్కుల ప్రశ్నను రెండో ప్రయత్నంలో సరిచేస్తే 1.33 వస్తుంది. ప్రమాణానికి కూడా మార్కు ఉండి, అది తప్పితే, మామూలు కోత పదో వంతు కాబట్టి 1.80 వస్తుంది. ఉపాధ్యాయుడు ఈ కోతలను మార్చుకోవచ్చు నిజమే. కానీ సరిగ్గా 1.00 ఉండి, దాని కింద ఆ జవాబుకే ప్రత్యేకంగా రాసిన వాక్యం కనిపించిందంటే, అది రెండో వరుస పనే.

---

మూడో_బెంచి రాశారు:

ఒప్పుకుంటున్నాను, సార్. నా పాత క్విజ్ తెరిచి చూశాను. అక్కడ 1.33 అనే ఉంది. సగం పోయిందని ఇంతకాలం తప్పుగా గుర్తుపెట్టుకున్నాను. అయితే నాకు తెలియనిది ఒకటి ఉంది. ఆ వాక్యం పరీక్ష రాసిన వెంటనే ఎందుకు కనిపించలేదు? ముందే కనిపించి ఉంటే ఈమెకు ఇంత అయోమయం ఉండేది కాదు.

---

ప్రశ్నల_పెట్టె రాశారు:

అది క్విజ్ అమరికలలోని `Review options` వల్ల. మార్కు ఎప్పుడు చూపించాలి, వ్యాఖ్య ఎప్పుడు చూపించాలి, సరైన జవాబు ఎప్పుడు చూపించాలి అన్నది విడివిడిగా పెట్టుకోవచ్చు. గడువు ముగియకముందే జవాబు చూపిస్తే ముందు రాసినవారు తరువాత రాసేవారికి చెప్పేస్తారు కాబట్టి, చాలామంది మార్కును మాత్రం వెంటనే చూపించి మిగిలినవి గడువు తరువాతకు వదిలేస్తారు. ఇది నాకు అంత నచ్చదు. జవాబును దాచి వ్యాఖ్యను మాత్రం వెంటనే చూపించే వీలు ఉంది, పై వ్యాఖ్యలో 9.77 అన్న అంకె లేదు కదా.

---

గేటు_ముందు రాశారు:

నేను గేట్‌కు చదువుతున్నాను. అక్కడ సంఖ్య టైపు చేసే ప్రశ్నలకు కీలో ఒక పరిధి ఇస్తారు. ఆ పరిధిలో ఉంటే మొత్తం మార్కులు, లేకపోతే సున్నా. సగం అనే మాటే లేదు, తప్పయితే కోత కూడా లేదు. అందుకే మాకు మొదటి రోజు నుంచి నేర్పేది, మధ్య విలువలను కాగితం మీదికి ఎక్కించకుండా కాలిక్యులేటర్‌లోనే ఉంచి, చివర ఒక్కసారి మాత్రమే సవరించమని. ఈ లెక్కలో కూడా 39.9 ను 20 తో భాగించి, వచ్చినదాన్ని అలాగే వర్గం చేసి ఉంటే ఈ గొడవ లేదు. నాకు అడిగితే సగం మార్కులు ఇవ్వడమే అనవసరం. సగం దొరుకుతుందని తెలిస్తే ఈ అలవాటు ఎవరికీ రాదు.

---

డైరీ_పుట రాశారు:

ప్రశ్నల_పెట్టె గారూ, మీరు చెప్పినట్టు కనుక్కున్నాను. 9.77 రాసిన ఇద్దరికీ రెండేసి మార్కులు వచ్చాయి. ఒకమ్మాయి 9.76 రాసింది, ఆమెకు కూడా రెండు. కాబట్టి మా క్విజ్‌లో వరుసలు సరిగ్గానే ఉన్నట్టున్నాయి.

అయితే ఇంకో సంగతి తెలిసి మనసు చివుక్కుమంది. మా గదిలోని స్నేహితురాలు ఈ లెక్క చేయనే లేదట. g అంటే 9.8 అని గుర్తున్నది టైపు చేసి వదిలేసిందట. ఆమెకు కూడా ఒక మార్కు వచ్చింది. ఆమె మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ నేను అరగంట కూర్చుని ఒక్క అంకె దగ్గర తప్పాను, ఆమె పెన్ను కూడా తీయలేదు, ఇద్దరికీ ఒకే మార్కు.

---

స్టాప్‌వాచీ రాశారు:

నేను ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తాను. ఏటా కొన్ని వందల మంది ఈ లోలకాన్ని ఊపడం చూస్తుంటాను. ఇందాకటి నుంచి చదువుతున్నాను గానీ, ఈ అమ్మాయికి పూర్తి మార్కులు రావలసిందని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

ఆమె 1.995 ను 2 చేసిందంటే 39.9 ను 40.0 చేసినట్టు లెక్క. 39.9 అని ఒకే దశాంశం ఇచ్చారంటే ఆ స్టాప్‌వాచీ కనీసపు కొలత సెకనులో పదో వంతు. అంటే ఆమె చేసిన తప్పు మొత్తం ఆ గడియారంలో ఒక్క గీత. అదే లోలకాన్ని అదే విద్యార్థి మళ్లీ ఊపితే ఒకసారి 39.9, ఇంకోసారి 40.1 రావడం నేను రోజూ చూసేదే. బొటనవేలు నొక్కడంలోనే సెకనులో ఐదో వంతు అటూ ఇటూ అవుతుంది. 0.2 సెకన్ల తేడా 39.9 లో నూటికి అర వంతు, g లోకి వచ్చేసరికి ఒక వంతు, అంటే దాదాపు 0.1. ఆ పరికరంతో కొలిచినప్పుడు 9.72 కూ 9.77 కూ తేడా చెప్పడం సాధ్యమే కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇచ్చిన కొలతలలో సార్థక అంకెలు మూడు కదా. 1.995 ను మూడు సార్థక అంకెలకు సవరిస్తే 2.00 వస్తుంది. ఆమె నియమం పాటించిందనే చెప్పాలి.

---

గేటు_ముందు రాశారు:

ఆ నియమం తుది జవాబుకు, సార్. మధ్య మెట్టుకు కాదు.

---

స్టాప్‌వాచీ రాశారు:

బాబూ, పుస్తకంలో అలాగే ఉంది, నేను కాదనను. కానీ రికార్డులో T కోసం ఒక గడి గీసి, అందులో అంకె రాయమని మేమే చెబుతాం. ఆ గడిలో ఎన్ని దశాంశాలు రాయాలో ఎవరూ చెప్పరు. పిల్లలు చూసినదే చేస్తారు.

---

ప్రశ్నల_పెట్టె రాశారు:

స్టాప్‌వాచీ గారి వాదనలో బలం ఉంది. ప్రయోగం చేసి కొలిచిన g విలువను అడిగితే నేను కూడా 0.1 వరకు పూర్తి మార్కులే ఇస్తాను. కానీ ఇక్కడ అడిగింది ప్రయోగ ఫలితం కాదు, ఇచ్చిన రెండు కొలతల నుంచి చేయవలసిన గణన. 39.9 అని ప్రశ్నలోనే ఇచ్చాక దానిలోని అనిశ్చితి అందరికీ ఒక్కటే, కాబట్టి జవాబులో మిగిలే తేడా గణన వల్ల వచ్చినదే. లోపలి పరిధి ఆ గణనను పరీక్షించడానికి. సగం మార్కుల పరిధి మాత్రం, బహుశా, మీరు చెప్పిన గడియారపు దోషానికి సరిపోయేట్టు పెట్టారేమో. 0.1 అన్నది మీరు లెక్కగట్టిన దానితో సరిగ్గా కలుస్తోంది.

ఇక 9.8 సంగతి. అమ్మా, మీ బాధ న్యాయమైనదే, కానీ దోషపరిధిని మార్చి దాన్ని సరిచేయలేం. 9.8 కు 9.77 నుంచి దూరం 0.03, మీ 9.72 కు దూరం 0.05. మీకు పూర్తి మార్కులు ఇచ్చేంతగా వల వెడల్పు చేస్తే ఆమెకు కూడా పూర్తి మార్కులు వస్తాయి. ఆమెకు సున్నా వచ్చేంతగా బిగిస్తే మీకు కూడా సున్నా వస్తుంది. అసలు తప్పు ప్రశ్నను ఎంచుకోవడంలో ఉంది. హైదరాబాదులో g దాదాపు 9.78 ఉంటుంది కాబట్టి, నిజాయితీగా తీసిన ఏ కొలత అయినా అందరికీ కంఠతా వచ్చిన 9.8 దగ్గరికే చేరుతుంది. నేనైతే g ని అడగకుండా T² ను అడుగుతాను. దానికి 3.980 జవాబు, 0.005 పరిధి. కంఠతా వచ్చేది కాదు, π ఎంత తీసుకున్నారన్న తగాదా కూడా ఉండదు. సవరించినవారు 4 అని రాసి అక్కడికక్కడే దొరికిపోతారు.

పరిధి పెట్టేటప్పుడు జవాబు ఎంత పెద్దదో కూడా చూసుకోవాలి. ఒకసారి నేను ఇలాంటి ప్రశ్న నుంచే 0.02 ను నకలు చేసి, 0.0154 మీటర్లు జవాబుగా ఉన్న ఇంకో ప్రశ్నకు పెట్టాను. ఆ పరిధిలో 0 అని టైపు చేసినా పూర్తి మార్కులు వస్తాయని తరువాత తెలిసింది.

---

పాత_పలక రాశారు:

యంత్రం సూత్రాన్ని చూడలేదన్న మాట నాకు తట్టలేదు. నా అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మిగిలినదంతా చదివాక నా పాత పద్ధతి మీద గౌరవం ఇంకా పెరిగింది. కాగితం మీద ఈ అమ్మాయి '2.0' అని రాసిన చోటు నాకు కనిపించేది, అక్కడ ఎర్ర సున్నా చుట్టి అర మార్కు తీసేవాణ్ణి. వట్టి 9.8 రాసిన అమ్మాయికి ఏమీ వేసేవాణ్ణి కాదు. T² ను అడిగితే సరిపోతుందని అంటున్నారు గానీ, అప్పుడు g దాకా రావడం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

---

ప్రశ్నల_పెట్టె రాశారు:

రెండు గడులు పెట్టాలి మాస్టారూ, ఒకటి T² కు, ఒకటి g కు. కానీ మొదటిది తప్పితే రెండోది కూడా తప్పుతుంది కాబట్టి, ఒకే తప్పుకు రెండుసార్లు కోత పడుతుంది. కాగితం దిద్దేటప్పుడు మీరు దాన్ని గమనించి రెండోసారి కోయరు. మామూలు సంఖ్యారూప ప్రశ్నతో అది కుదరదు. దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు.

---

డైరీ_పుట రాశారు:

ఇదంతా చదివాక నా రికార్డు తీసి, లోలకం పుటలో T గడి మొత్తం మళ్లీ చూశాను. అన్నిచోట్లా ఒక దశాంశమే ఉంది. 80 సెంటీమీటర్ల దగ్గర 20 డోలనాలకు 35.9 సెకన్లు, T కు 1.795 బదులు 1.8 వేశాను. అక్కడ g 9.80 కు బదులు 9.75 వచ్చింది, పెద్ద నష్టం లేదు. కానీ 60 సెంటీమీటర్ల దగ్గర 31.1 సెకన్లు, అంటే 1.555. దాన్ని 1.6 చేశాను. అక్కడ నా రికార్డులో g 9.25 అని ఉంది. ఈరోజు మళ్లీ చేస్తే 9.80 వచ్చింది.

ఆ 9.25 పక్కన అప్పట్లో నేను 'దారం కొంచెం సాగి ఉండవచ్చు' అని కారణం రాశాను. దారానికి ఏమీ కాలేదు. ఆ పుట మీద మేడమ్ గారి సంతకం కూడా ఉంది. ఇప్పుడు దాన్ని దిద్దవచ్చా, అలాగే వదిలేయాలా?

---

స్టాప్‌వాచీ రాశారు:

పాత అంకె కనిపించేలా దాని మీద ఒక్క గీత గీయమ్మా, తుడిచేయకు, తెల్ల ఇంకు పూయకు. పక్కన 1.555, 9.80 రాసి, ఈరోజు తేదీ వేయి. దారం గురించి రాసిన వాక్యాన్ని కూడా అలాగే కొట్టేసి, కింద అసలు కారణం రాయి. తరువాత సంతకం చేసిన మేడమ్ గారికే చూపించు. సంతకం అయిన పుటను ఆమెకు తెలియకుండా మార్చడం మాత్రం వద్దు. 31.1 అన్న అసలు కొలత ఆ పుటలో ఉంది కాబట్టి సరిపోయింది. మా దగ్గర చాలామంది దాన్ని రాయకుండా నేరుగా T ఒక్కటే వేస్తారు, వారికి మళ్లీ లెక్క చేసుకునే దారే ఉండదు.